కొటేషన్ ప్రశ్నకు గంగిరెద్దులా తలూపకుండా జవాబు రాయడం ఎలా

"తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మొదటి నుంచీ భూమి కోసం జరిగిన పోరాటమే." ఈ వ్యాఖ్యను విమర్శనాత్మకంగా పరిశీలించండి.

ఇది అభ్యాసం కోసం కట్టిన ప్రశ్న. డిగ్రీ, పీజీ చరిత్ర పరీక్షల్లోనూ, గ్రూప్-1 మెయిన్స్‌లోనూ ఇలాంటి ప్రశ్నలు ఎదురవుతాయి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు చదువుకునే వాళ్లకు ఈ పోరాటం గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఊళ్ల పేర్లు, తేదీలు నోటికి వచ్చేసి ఉంటాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. తెలిసిన విషయం కనబడగానే చేయి ఆగదు. "అవును, ఇది భూమి కోసం జరిగిన పోరాటమే" అని మొదలుపెట్టి, చాకలి ఐలమ్మ, దొడ్డి కొమరయ్య, భూ పంపకం అని వరసగా రాసుకుంటూ పోయి, చివర "కాబట్టి ఇది భూమి కోసం జరిగిన పోరాటమే" అని ముగిస్తారు. జవాబులో ఒక్క తప్పు లేకపోవచ్చు. కానీ ప్రశ్న అడిగింది పోరాటం కథ కాదు. ఆ వాక్యం నిలుస్తుందా లేదా అని.

కింద చెప్పే పద్ధతి గంట సమయం, సుమారు 1000 పదాలు ఉన్న వ్యాసానికి. గ్రూప్-1 జనరల్ ఎస్సే పేపరులో మూడు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి, ఒక్కోదానికి 50 మార్కులు, కాబట్టి ఒక్కోదానికి దక్కేది ఆ గంటే. చిన్న ప్రశ్నకు దీన్ని ఎలా కుదించుకోవాలో తర్వాత చెబుతాం.

మొదటి పని: వాక్యంలో ఇరుసు పదం పట్టుకోండి (2 నిమిషాలు)

ప్రశ్నపత్రం మీదే పెన్సిలుతో ఆ వాక్యం కింద గీత గీయండి. మొత్తం వాక్యం కింద వద్దు, బండి బరువంతా ఇరుసు మీద పడ్డట్టు వాదన బరువంతా ఏ పదం మీద పడుతుందో ఆ పదం కిందే. పేరు, విషయం చెప్పే పదాలు ఇరుసు కావు. ఎంత, ఎప్పుడు, ఎవరికి, ఇంకేమీ కాదా అని హద్దు గీసే పదాలే ఇరుసులు: మొదటి నుంచీ, ఎప్పుడూ, అందరూ, ఒక్కటే, అసలు కారణం, తప్ప మరేమీ కాదు.

తెలుగులో ఇరుసు చాలాసార్లు విడి పదంగా కనబడదు. పదం చివర ఒక దీర్ఘంలో దాక్కుని ఉంటుంది. "భూమి కోసం జరిగిన పోరాటం" అంటే ఒక మాట. "భూమి కోసం జరిగిన పోరాటమే" అంటే వేరే మాట. చివరి ఆ ఏకారం మిగతా కారణాలన్నిటినీ బయటకు తోసేస్తోంది. "కరువు వల్ల", "కరువు వల్లే" అన్న రెంటికీ మధ్య ఉన్న తేడా కూడా ఇదే. ప్రశ్న చదివేటప్పుడు ఈ ఏకారాన్ని చూడకుండా దాటిపోయేవాళ్లు చాలామంది. వాళ్ల జవాబులో పరీక్షించడానికి ఏమీ మిగలదు, ఎందుకంటే భూమి కూడా ఒక కారణం అన్నదాన్ని కాదనేవాళ్లు ఎవరూ లేరు.

మన వాక్యంలో గీత పడాల్సిన చోట్లు మూడు. "మొదటి నుంచీ" అన్నది కాలం గురించి. "భూమి కోసం" అన్నది లక్ష్యం గురించి. "పోరాటమే"లోని ఏకారం ఇంకేదీ లేదని చెప్పేది. చూడ్డానికి ఒకే వాక్యం, లోపల ఉన్నవి మూడు వాదనలు. ఒకటి నిలిచి, మరొకటి కూలిపోవచ్చు. అది గమనించగానే జవాబు సగం తయారైనట్టే. "ఒప్పుకుంటాను", "ఒప్పుకోను" అనే రెండు తలుపుల మధ్య ఇరుక్కోకుండా ఏ ముక్క ఎంతవరకు నిజమో విడివిడిగా చెప్పే వీలు దొరుకుతుంది.

ఇదే నిమిషంలో ప్రశ్న చివరి క్రియను కూడా చూడండి. "పరిశీలించండి", "చర్చించండి", "మీరు ఏకీభవిస్తారా" అన్నప్పుడు తీర్పు మీ చేతిలో ఉంది. "సమర్థించండి" అన్నప్పుడు మాత్రం వాక్యం పక్షాన నిలబడి రాయాలి. అక్కడ కూడా అది ఎక్కడివరకు వర్తిస్తుందో ఒక పేరాలో హద్దు చెప్పవచ్చు, కానీ వాక్యాన్ని పడగొట్టే పని పెట్టుకోవద్దు. "వివరించండి" అని మాత్రమే ఉంటే ముందు అర్థం విప్పి చెప్పాలి, పరీక్ష తర్వాత, కొద్దిగా.

రెండో పని: ఈ మాట తప్పైతే ఏం కనబడాలి? (3 నిమిషాలు)

మొత్తం పద్ధతిలో కష్టమైన మెట్టు ఇదే. ఎక్కువమంది దాటేసేది కూడా దీన్నే. వాక్యానికి అనుకూలమైన రుజువులు వెతకడం సులువు. దేనికైనా నాలుగు దొరుకుతాయి. మీరు అడగాల్సింది దానికి తిరుగు ప్రశ్న: ఈ వాక్యం తప్పయ్యుంటే చరిత్రలో ఏం కనబడుతుంది?

మూడు ఇరుసులకూ మూడు ప్రశ్నలు జవాబు పుస్తకం చివరి పేజీలో రఫ్‌గా రాసుకోండి.

"మొదటి నుంచీ" తప్పైతే, మొదటి సంవత్సరాల కోరికల్లో భూ పంపకం లేకుండా వేరే కోరికలు ముందు కనబడాలి.

"భూమి కోసం" తప్పైతే, భూమి చేతికొచ్చే అవకాశం ఉన్నప్పుడు కూడా జనం దాన్ని పట్టించుకోకపోవాలి. లేదా భూమితో సంబంధం లేని కారణం తీరిపోగానే పోరాటం ఆగిపోవాలి.

ఏకారం తప్పైతే, భూమి లేదన్న బాధ లేనివాళ్లు, అంటే సొంత పొలం ఉన్నవాళ్లు కూడా ఊళ్లలో ఆంధ్ర మహాసభ పెట్టిన సంఘంలో చేరి ఉండాలి. దానికి భూమి కాని కారణం ఒకటి ఉండాలి.

ఈ మూడు ప్రశ్నలు రాసుకున్నాక మీకు తెలిసిన సంగతులు వాటంతట అవే చోటు వెతుక్కుంటాయి. లేకపోతే అవన్నీ కుప్పగా పడి ఉంటాయి.

మూడో పని: తెలిసినవాటిని ప్రశ్నల కింద సర్దండి (4 నిమిషాలు)

మీకు ఖాయంగా తెలిసిన ఎనిమిది, పది సంగతులు చాలు. ఒక్కోదాని పక్కన అది ఏ ప్రశ్నకు జవాబు, వాక్యానికి అనుకూలమా, ఎదురా అని ఒక గుర్తు పెట్టండి. మన ఉదాహరణలో అది ఇలా సాగుతుంది.

కాలం సంగతి ముందు. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ సమావేశం రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. అప్పటి నుంచి ఊళ్లలో సంఘం ఎత్తుకున్న విషయాలు వెట్టి చాకిరి, అక్రమ వసూళ్లు, కౌలుదార్లను వెళ్లగొట్టడం, రెండో ప్రపంచ యుద్ధకాలపు లెవీ ధాన్యం. ఇది "మొదటి నుంచీ"కి ఎదురు. పాలకుర్తిలో ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న పొలంలో పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తీసుకుపోబోతే సంఘం కార్యకర్తలు ఆ పంటను ఆమె ఇంటికి చేర్చారు. ఇది అనుకూలమే, కానీ జాగ్రత్తగా చూడాలి. అక్కడ గొడవ ఉన్న భూమిని, పంటను కాపాడుకోవడం గురించి. లేని భూమిని పంచుకోవడం గురించి కాదు. 1946 జులై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు మీద గడీ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది 1947 సెప్టెంబరు 11న. భూస్వాముల దగ్గర హద్దుకు మించి ఉన్న భూమిని తీసుకుని పేదలకు పంచడం ఊపందుకున్నది ఆ తర్వాత. ఆ హద్దు కూడా ఒకేసారి తేలలేదు. మొదట 500 ఎకరాలు అనుకున్నది 200కు, తర్వాత మెట్ట 100 ఎకరాలు, తరి 10 ఎకరాలకు దిగింది. లక్ష్యం పోరాటం నడుస్తుండగా మారుతూ వచ్చిందనడానికి ఇంతకంటే మంచి రుజువు దొరకదు. ఈ ఒక్క సంగతిని జవాబులో మూడు, నాలుగు వాక్యాలు విప్పి రాయండి.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. పాలకుర్తి, కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నాయి. ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోది. "ఆనాటి నల్లగొండ జిల్లా" అని రాస్తే తప్పు పట్టే వీలుండదు.

లక్ష్యం సంగతి తర్వాత. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం నిజాం మీదే అయితే ఆ రోజుతో ఆగిపోవాలి. ఆగలేదు. 1951 అక్టోబరు 21న విరమించేదాకా సాగింది. ఆ మూడేళ్లలో తిరిగొచ్చిన భూస్వాముల నుంచి పంచుకున్న భూమిని నిలబెట్టుకోవడం పెద్ద విషయం. ఇది వాక్యానికి బలమైన అనుకూలం. అయితే నాయకుల్లోనే రావి నారాయణరెడ్డి వంటివాళ్లు ఇక ఆపాలన్నారు. అంటే నిజాం పోవడమే ముఖ్యం అనుకున్నవాళ్లూ లోపల ఉన్నారన్నమాట. ఇంకొక అనుకూలం పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే వచ్చి ఏం కావాలని అడిగితే అక్కడి దళిత కుటుంబాలు అడిగింది 80 ఎకరాల భూమి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చాడు. తుపాకులు లేని చోట, ఎవరి ఒత్తిడీ లేని సభలో కూడా ఆ ప్రాంతపు పేదల నోటివెంట వచ్చిన మొదటి కోరిక భూమే. దీన్ని సాధారణంగా భూదానోద్యమం కింద చదివి మరిచిపోతారు. ఈ ప్రశ్నకు మాత్రం ఇది సాక్ష్యంగా పనికొస్తుంది.

ఏకారం సంగతి చివర. లెవీ ధాన్యం ఎవరి మీద పడింది? పొలం ఉన్నవాడి మీద. భూమి లేనివాడి దగ్గర లెవీ తీసుకోవడానికి ఏముంది? చిన్న, మధ్య తరగతి రైతులు సంఘంలోకి వచ్చింది భూమి దక్కుతుందని కాదు, గింజలు పోకుండా ఉండాలని. అలాగే చాకలి, మంగలి, కుమ్మరి కులాలవాళ్లు వెట్టి చేసింది దొరకే కాదు, ఊరికి వచ్చిన సర్కారు అధికారులకు కూడా. ఆ చాకిరి పోవాలన్న కోరికలో భూమి కంటే ముందున్నది మనిషిగా తల ఎత్తుకోవడం. ఈ రెండు సంగతులూ ఏకారాన్ని గట్టిగా దెబ్బతీస్తాయి.

సర్దడం పూర్తయ్యేసరికి మీ రఫ్ పేజీలో "మొదటి నుంచీ" నిలవలేదు, "భూమి కోసం" చాలావరకు నిలిచింది, ఏకారం నిలవలేదు అని తేలిపోయి ఉంటుంది. తీర్పు తెలిశాకే మొదటి అక్షరం రాయాలి. రాస్తూ రాస్తూ తీర్పు వెతుక్కునేవాళ్ల జవాబు సగంలో దారి మార్చుకుంటుంది. మొదటి పేరాలో "పూర్తిగా నిజం" అని, ఐదో పేరాలో "అయితే నిజం కాదు" అని కనబడుతుంది.

నాలుగో పని: రాయడం (45 నిమిషాలు)

1000 పదాలను ఇలా పంచుకోవచ్చు: మొదలు 120, వాక్యం పక్షాన 230, కాలం పరీక్ష 230, ఏకారం పరీక్ష 200, ఎదురు వాదనకు జవాబు 120, తీర్పు 100. పదాలు లెక్కపెడుతూ కూర్చోవద్దు. మీ చేతిరాతలో పేజీకి ఎన్ని పదాలు పడతాయో ఇంటి దగ్గరే ఒకసారి లెక్కపెట్టుకుంటే పేజీలను బట్టి తెలిసిపోతుంది.

మొదటి పేరాలో పోరాటం నేపథ్యం వద్దు. "భారతదేశ చరిత్రలో తెలంగాణ సాయుధ పోరాటం ఒక మహత్తర ఘట్టం" వంటి వాక్యాన్ని ఏ ప్రశ్న కిందైనా అతికించవచ్చు, అందుకే అది ఏ ప్రశ్నకూ జవాబు కాదు. వాక్యాన్ని ముక్కలు చేసి, మీ తీర్పు ఎటు పోతోందో మొదట్లోనే చెప్పండి. ఇలా:

"ఈ వ్యాఖ్యలో మూడు మాటలున్నాయి: పోరాటం లక్ష్యం భూమి అనేది ఒకటి, ఆ లక్ష్యం ఆరంభం నుంచీ ఉందనేది రెండోది, మరే లక్ష్యమూ లేదనేది మూడోది. 1947 తర్వాతి దశకు మొదటి మాట చాలావరకు వర్తిస్తుంది. 1944-46 నాటి కోరికలను చూస్తే రెండో మాట నిలవదు. వెట్టి, లెవీల మీద జరిగిన ప్రతిఘటనను లెక్కలోకి తీసుకుంటే మూడోదీ నిలవదు."

ఇందులో ఒక్క అలంకారం లేదు. కానీ ఇది చదివినవాళ్లకు మిగతా వ్యాసంలో ఏం వస్తుందో, దేనికోసం చూడాలో తెలిసిపోతుంది.

రెండో పేరాలో వాక్యం పక్షాన నిలబడండి, అదీ మనస్ఫూర్తిగా. దాన్ని అన్నవాళ్లు తెలివైనవాళ్లనీ, వాళ్ల దగ్గర మంచి రుజువులున్నాయనీ అనుకుని రాయాలి. 1948 తర్వాత కూడా పోరాటం ఆగకపోవడం, పోచంపల్లిలో అడిగిన 80 ఎకరాలు ఇక్కడికి వస్తాయి. పడగొట్టడానికి వీలుగా వాక్యాన్ని బలహీనంగా చూపిస్తే మీ పరీక్షకు విలువ ఉండదు. గడ్డిబొమ్మను పడేసి గెలిచానంటే ఎవరు ఒప్పుకుంటారు?

తర్వాతి రెండు భాగాల్లో పరీక్షలు. ఒక్కో పేరా మొదటి వాక్యంలోనే ఏ ఇరుసును పరీక్షిస్తున్నారో చెప్పండి. "మొదటి నుంచీ అన్న మాట నిలవాలంటే 1944-46 మధ్య కూడా భూ పంపకమే ప్రధాన కోరికగా కనబడాలి" అని మొదలుపెట్టి, తర్వాత అది కనబడదని సంగతులతో చూపించండి. ఈ "నిలవాలంటే... కనబడాలి" అన్న కట్టు అలవాటు చేసుకుంటే పరీక్షించడం దానంతటదే జరుగుతుంది. "దొడ్డి కొమరయ్య 1946లో చనిపోయాడు" అని మొదలైన పేరా కథలోకి జారిపోతుంది.

అంకెలు వాడే చోట అవి ఎవరివో చెప్పండి. సుమారు 3000 గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం అన్న అంకెలు పోరాటాన్ని నడిపినవాళ్ల కథనాల నుంచి వచ్చినవి. "పోరాట నాయకుల లెక్క ప్రకారం" అని నాలుగు మాటలు చేరిస్తే మీరు అంకెను కూడా పరీక్షించే మనిషని తెలుస్తుంది. పరీక్షలో గుర్తురాని అంకెను ఊహించి రాయడం కన్నా "పెద్ద సంఖ్యలో" అని వదిలేయడం మేలు. ఒక తప్పు అంకె చుట్టుపక్కల ఉన్న పది ఒప్పుల మీద అనుమానం తెస్తుంది.

ఎదురు వాదన: ఈ పేరా మాత్రం వదలొద్దు

ఇక్కడిదాకా బాగా రాసినవాళ్లు కూడా ఒక గోతిలో పడతారు. "భూమి ఒక్కటే కారణం కాదు, అసలు కారణం వెట్టి" అని తేలుస్తారు. ఒక ఏకారాన్ని తీసి మరో ఏకారం పెట్టినట్టే కదా. మీ వాక్యానికి కూడా అదే పరీక్ష పెడితే అదీ కూలిపోతుంది. ఎందుకంటే వెట్టి ఒక్కటే కారణమైతే 1948 తర్వాత భూమి కోసం ప్రాణాలు ఎందుకు పోతాయి?

అందుకే మీ తీర్పు మీద రాగల గట్టి అభ్యంతరాన్ని మీరే వెతికి, జవాబు చెప్పాలి. ఈ ప్రశ్నలో ఆ అభ్యంతరం ఇది: "దొర చేత వెట్టి చేయించగలిగింది భూమి ఉండబట్టే. వేల ఎకరాలు చేతిలో లేకపోతే ఊరంతా ఆయన మాట ఎందుకు వింటుంది? కాబట్టి వెట్టి కూడా భూమి సమస్యే." ఇది తీసిపారేయదగ్గ మాట కాదు. చరిత్ర చదివినవాళ్లు నిజంగానే ఇలా వాదించగలరు.

దీనికి జవాబు ఒక తేడా చూపించడంలో ఉంది. భూమి వల్ల వచ్చిన అధికారం వేరు, భూమి దక్కాలన్న లక్ష్యం వేరు. దొర బలం భూమి నుంచి వచ్చిందని ఒప్పుకోవచ్చు. అంతమాత్రాన వెట్టి వద్దన్న మనిషి భూమి అడిగినట్టు కాదు. పైగా సర్కారు అధికారులకు చేసిన వెట్టి వాళ్ల ఉద్యోగం వల్ల వచ్చింది, పొలం వల్ల కాదు. లెవీ అయితే సర్కారు హుకుం. ఈ రెండిటినీ భూమి ఖాతాలో వేయాలంటే "భూమి" అన్న మాటకు అర్థం సాగదీయాల్సి వస్తుంది, అంతా అందులో ఇమిడేదాకా సాగదీస్తే ఆ మాట ఇక దేన్నీ వివరించదు. నాలుగు వాక్యాల్లో ఇది రాయగలిగితే చాలు.

కాలం గురించిన తీర్పులోనూ ఒక జాగ్రత్త ఉంది. "1947కు ముందు భూమి ఊసే లేదు" అని రాయవద్దు. వెళ్లగొట్టబడ్డ రైతులు తమ పొలాలు తిరిగి దక్కించుకునే ప్రయత్నాలు ముందే ఉన్నాయి, ఐలమ్మ పంట గొడవ కూడా ఆ కోవలోదే. మీరు చెప్పాల్సింది ఇంత: ముందు ఉన్నది పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం, ఉన్నదాన్ని కాపాడుకోవడం. తర్వాత వచ్చింది దొర భూమికి హద్దు పెట్టి మిగిలింది పంచడం. మొదటిది న్యాయం అడగడం, రెండోది ఊరి ఆస్తి లెక్కనే మార్చడం. ఈ తేడా పట్టుకున్న జవాబు వేరుగా కనబడుతుంది.

తీర్పు పేరా

"రెండు వైపులా నిజం ఉంది" అన్నది తీర్పు కాదు, తప్పించుకోవడం. పరీక్షలో ఏం తేలిందో దాన్నిబట్టి అసలు వాక్యాన్నే దిద్ది రాయండి. ఇరుసు పదాలు మార్చాలి, మిగతాది ఉంచాలి:

"తెలంగాణ రైతాంగ పోరాటం వెట్టి, అక్రమ వసూళ్లు, లెవీల మీద ప్రతిఘటనగా మొదలై, 1947 తర్వాత ప్రధానంగా భూమి కోసం జరిగిన పోరాటంగా మారింది."

పాత వాక్యం, ఈ వాక్యం పక్కపక్కన పెట్టి చూడండి. "మొదటి నుంచీ" స్థానంలో ఒక సంవత్సరం వచ్చింది. ఏకారం స్థానంలో "ప్రధానంగా" వచ్చింది. మీ 1000 పదాల పని ఈ రెండు మార్పుల్లో కనబడుతోంది. పరీక్షించాక కూడా వాక్యం చెక్కుచెదరకుండా నిలిస్తే దిద్దాల్సిన అవసరం లేదు, "ఈ అభ్యంతరాలు తట్టుకుని నిలిచింది" అని కారణాలతో రాయండి. పరీక్షించడమంటే తప్పనిసరిగా కాదనడం అని ఎవరూ అనుకోవద్దు. పెద్దమనిషి మాటను కాదంటే తెలివిగా ఉంటుందని ప్రతిదాన్నీ ఖండించడం కూడా తలూపడం లాంటిదే, తల అడ్డంగా ఊగుతుంది, అంతే తేడా.

చిన్న ప్రశ్నకు కుదించడం

పది మార్కుల ప్రశ్నకు పావుగంట, 250 పదాలు అనుకుందాం. మూడు ఇరుసులనూ పరీక్షించే చోటు లేదు. వాటిలో బాగా బలహీనంగా ఉన్నదాన్ని ఒక్కదాన్నే తీసుకోండి. ఈ ప్రశ్నలో అది "మొదటి నుంచీ". 50 పదాల్లో వాక్యాన్ని విప్పి, 60 పదాల్లో దాని బలం చెప్పి, 100 పదాల్లో కాలం పరీక్ష పెట్టి, 40 పదాల్లో దిద్దిన వాక్యం రాయండి. మిగతా రెండిటిని ముట్టుకోలేదని బాధపడొద్దు. మూడు పరీక్షలు తలో రెండు వాక్యాల్లో రాస్తే మూడూ మాటలుగానే మిగిలిపోతాయి.

వాక్యం కింద గొప్పవాళ్ల పేరుంటే ఆ పేరు మీద సమయం పెట్టొద్దు. గాంధీ అన్నా, నెహ్రూ అన్నా మీరు పరీక్షిస్తున్నది ఆ వాక్యాన్ని. ఆ మాట ఏ సందర్భంలో, ఏ సంవత్సరంలో అన్నదో ఖాయంగా తెలిస్తే ఒక్క వాక్యం రాయవచ్చు, అది ఎక్కడివరకు వర్తిస్తుందో చెప్పడానికి పనికొస్తుంది. జీవిత చరిత్ర వద్దు. ఒక కొటేషన్‌కు మద్దతుగా మరో కొటేషన్ తేవడం కూడా వద్దు. సాక్షికి సాక్షి మరో సాక్షి చెప్పిన మాటే అయితే ఘటన ఎవరు చూసినట్టు?

ఇదే పద్ధతి వేరే వాక్యం మీద

అభ్యాసానికి ఈ వాక్యం తీసుకోండి: "పాలమూరు వలసలకు కారణం కరువే." ఇరుసు మళ్లీ ఏకారమే. ఈ మాట తప్పైతే ఏం కనబడాలి? వానలు బాగా పడ్డ ఏడాది కూడా జనం వెళ్తుండాలి. ఒకే ఊర్లో, ఒకే కరువులో కొందరు వెళ్లి కొందరు ఉండిపోవాలి. ఉండిపోయినవాళ్లకు బోరో, అప్పు పుట్టే దారో, ఇంకో ఆసరానో ఉండాలి. వానాకాలానికి ముందే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ముట్టినవాళ్లకు వాన పడ్డా వెళ్లక తప్పని పరిస్థితి ఉండాలి. ఇంకొక ప్రశ్న జిల్లా పటం అడుగుతుంది. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేదే పాత మహబూబ్‌నగర్ జిల్లా గుండా. నది పారే జిల్లాలో నీళ్లు లేకపోవడం ఆకాశం చేసిన పనా, కాల్వలు, లిఫ్టులు ఆలస్యంగా రావడమా? అక్కడ "కరువు" అన్న పదాన్నే విప్పాలి. వాన లేకపోవడం ఒకటి, సాగునీరు లేకపోవడం ఇంకొకటి. వాక్యం అన్నవాళ్ల మనసులో ఏది ఉందో తేల్చకుండా రాస్తే మీ వాదన ఒక పేరాలో దాని మీద, మరో పేరాలో దీని మీద నిలబడుతుంది. ఇది రఫ్ పేజీలో పది నిమిషాలు చేసి చూడండి, పూర్తి జవాబు రాయాల్సిన అవసరం లేదు.

చివరి ఆరు నిమిషాలు

ముందు నుంచి చదవకండి. ప్రతి పేరా మొదటి వాక్యాన్ని మాత్రం వరసగా చదవండి. అవి ఒకదాని వెంట ఒకటి ఒక వాదనలా వినబడాలి. సంవత్సరాల వరసలా వినబడితే మీరు కథ రాశారు. అప్పుడు మొత్తం మార్చే సమయం ఉండదు కానీ ఒక పని చేయవచ్చు: ఆ పేరాల చివర ఒక్కో వాక్యం చేర్చి "దీన్నిబట్టి 'మొదటి నుంచీ' అన్న మాట నిలవదు" వంటి ముడి వేయండి.

తర్వాత మొదటి పేరా, చివరి పేరా కలిపి చూడండి. రెండూ ఒకే తీర్పు చెప్పాలి, కానీ చివరిది ఇంకొంచెం ఖచ్చితంగా ఉండాలి, ఒక సంవత్సరమో, ఒక హద్దో ఎక్కువ ఉండాలి. చివరి వాక్యం ప్రశ్నలోని వాక్యంతో అక్షరం అక్షరం సరిపోతుంటే, మధ్యలో మీరు రాసిన పరీక్ష ఎక్కడో పోయింది. అక్కడ కనీసం ఇరుసు పదం ఒక్కటి దిద్దండి. సమయం అయిపోతూ తీర్పు పేరా రాయకుండా మిగిలితే, సగంలో ఉన్న పేరాను అక్కడే వదిలి దిద్దిన వాక్యాన్ని ఒక్కటి రాసి సంతకం పెట్టినట్టు ఆపండి.